నంబరు అసలుదే, కానీ అది దేనికిచ్చిన లైసెన్సు?

మెడికల్ షాపు కౌంటరు మీద రెండు విటమిన్ డీ స్ట్రిప్పులు పక్కపక్కన పెడితే చాలాసార్లు తేడా కనిపించదు. ఫాయిలు ఒకే రకం, అక్షరాలు ఒకే రకం, ధర కూడా అటూ ఇటూగా ఒకటే. వెనక్కి తిప్పి చూస్తే ఒకదాని మీద `Mfg. Lic. No.` అని రాసి, పక్కన కొన్ని అక్షరాలూ అంకెలూ గీతలూ ఉంటాయి. రెండోదాని మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెలు ఉంటాయి. మొదటిది మందు. రెండోది చట్టం దృష్టిలో ఆహారం. ఈ రెండింటికీ అనుమతి ఇచ్చేవాళ్లు వేరు, ఫ్యాక్టరీ తనిఖీ వేరు, తప్పు జరిగితే పట్టుకోవాల్సిన అధికారి కూడా వేరు.

లైసెన్సు సరిచూడడమంటే నంబరు దొంగదో అసలుదో తేల్చడమేనని చాలామంది అనుకుంటారు. పూర్తిగా లేని నంబరు వేసే మోసాలు ఉన్నాయి, కానీ అవి తొందరగా బయటపడతాయి. ఎక్కువ చిక్కు తెచ్చేవి నంబరు అసలుదే అయిన సందర్భాలు. ఏ లైసెన్సు అయినా ఫలానా సంస్థకు, ఫలానా చిరునామాలో, ఫలానా పని చేసుకోవడానికి మాత్రమే ఇస్తారు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా, నంబరు ఎంత నిజమైనదైనా చేతిలో ఉన్న సరుకుకు అది వర్తించదు. కాబట్టి అధికారి దగ్గర అడగాల్సింది నంబరు ఉందా లేదా అని కాదు. ఆ నంబరు ఎవరి పేరున, ఏ స్థలానికి, ఏ సరుకుకు ఇచ్చారని అడగాలి.

14 అంకెల్లో ఏముంటుంది

ఆహారం వైపు పని సులువు, అందుకని ముందు అది చూద్దాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరులో మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకు ఇచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండంకెలు రాష్ట్రం: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 01. కేంద్రం ఇచ్చిన లైసెన్సు అయితే అక్కడ 00 ఉంటుంది. ఆ తర్వాతి రెండంకెలు నంబరు పుట్టిన ఏడాది, వాటి తర్వాతి మూడు జారీ చేసిన కార్యాలయం కోడు, చివరి ఆరు వరుస సంఖ్య. `13623` అని మొదలైతే 2023లో తెలంగాణలో ఇచ్చిన లైసెన్సు అన్నమాట. `20119` అని మొదలైతే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన రిజిస్ట్రేషన్.

ఈ చదువు వల్ల వెంటనే ఒక లాభం ఉంది. టీవీల్లో, యూట్యూబ్‌లో ప్రకటనలిస్తూ దేశమంతా కొరియర్ చేసే ప్రొటీన్ పౌడరు డబ్బా మీద నంబరు 2తో మొదలైతే, పోర్టల్ తెరవకముందే అనుమానించాలి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునేవాళ్లకూ టీ బండివాళ్లకూ సరిపోయే రిజిస్ట్రేషన్ అంత వ్యాపారానికి చాలదు. అలాగే అంకెలు 13 గానీ 15 గానీ ఉంటే అది అచ్చు తప్పు కావచ్చు, కావాలని చేసిందీ కావచ్చు. ఏదైనా సరే అమ్మేవాళ్లను అడగాల్సిందే. అయితే నంబరులోని ఏడాదిని చూసి లైసెన్సు పాతబడిపోయిందనుకోకూడదు. అది నంబరు ఇచ్చిన సంవత్సరం, గడువు తీరే తేదీ కాదు.

తర్వాతి పని `foscos.fssai.gov.in` లో. మొదటి పేజీలోనే `FBO Search` అనే చోటు ఉంది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు కొట్టి, పక్కన కనిపించే క్యాప్చా అక్షరాలు వేస్తే సంస్థ పేరు, స్థలం చిరునామా, లైసెన్సు రకం, ప్రస్తుత స్థితి వస్తాయి. ఏయే సరుకులకు అనుమతి ఉందో కూడా చూడొచ్చు. ఇక్కడ చాలామంది `Active` అన్న మాట చూడగానే పేజీ మూసేస్తారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ముందు చిరునామా చూడాలి. ఆహార లైసెన్సు స్థలానికి ఇస్తారు. ఒకే కంపెనీకి మూడు ఊళ్లలో మూడు యూనిట్లు ఉంటే మూడు నంబర్లు ఉండాలి. డబ్బా మీద 'తయారీ: ఫలానా పారిశ్రామికవాడ' అని ఉండి, పోర్టల్‌లో ఏదో కాలనీలోని ఫ్లాటు చిరునామా వస్తే, ఆ నంబరు బ్రాండు యజమాని ఆఫీసుది అయ్యుండవచ్చు. అది నేరం కాదు. వేరేవాళ్ల చేత తయారు చేయించి తన పేరుతో అమ్ముకోవచ్చు. కాకపోతే అప్పుడు డబ్బా మీద తయారీదారు నంబరు కూడా విడిగా ఉండాలి. అది లేకపోతే సరుకు ఎక్కడ తయారైందన్నదానికి జవాబు లేనట్టే.

ఆ తర్వాత వ్యాపార రకం చూడాలి. లైసెన్సు హోల్‌సేల్ వ్యాపారానికో, గోదాముకో, తిరిగి ప్యాక్ చేయడానికో ఇచ్చిందై ఉండి, డబ్బా మీద 'తయారీదారు' అని ఉంటే అది చిన్న లోపం కాదు. బయట విడిగా కొన్న కారం పొడిని సంచుల్లో నింపి 'మా సొంత మిల్లులో పట్టినది' అని అమ్మేవాళ్ల గుట్టు ఈ ఒక్క గడిలో దొరుకుతుంది.

డబ్బా చేతిలో లేకపోయినా నంబరు దొరుకుతుంది. ఆహార వ్యాపారులు తమ బిల్లుల మీద 14 అంకెల నంబరు వేయాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. హోల్‌సేల్‌గా కొనేవాళ్లు బిల్లు మీది నంబరునూ, సరుకు మీది నంబరునూ రెండింటినీ కొట్టి చూడాలి. ఒకటి అమ్మినవాడి సంగతి చెబుతుంది, ఇంకోటి తయారు చేసినవాడి సంగతి చెబుతుంది.

ఆహార లైసెన్సు మీద మందు

ఇప్పుడు మొదట చెప్పిన రెండో స్ట్రిప్పు దగ్గరికి వద్దాం. దాని మీద 'కోలెకాల్సిఫెరాల్ 60,000 ఐయూ' అని, అంటే విటమిన్ డీ 60,000 యూనిట్లని, ఉందనుకుందాం. 14 అంకెలు పోర్టల్‌లో కొడితే అన్నీ సరిపోయాయి. పేరు అదే, చిరునామా అదే, స్థితి `Active`, ఆహార అనుబంధాల తయారీకి అనుమతి కూడా ఉంది. అయినా ఈ స్ట్రిప్పు తప్పుడుదే. ఎలా?

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్ డీ 600 ఐయూ అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల్లో ఉంది. ఆహార అనుబంధాల్లో విటమిన్ల మోతాదుకు ఈ రోజువారీ అవసరమే కొలబద్ద. 60,000 అంటే దానికి సరిగ్గా వంద రెట్లు. అంత మోతాదు లోపానికి చికిత్సగా, డాక్టరు చెప్పినన్ని వారాలు వాడే మందు. దాన్ని ఆహారమని పేరు పెట్టి తయారు చేయడానికి ఏ ఆహార లైసెన్సూ చాలదు. ఔషధ లైసెన్సు కావాలి.

మోతాదు అంత తేటగా దొరక్కపోతే డబ్బా మీది మాటలు చూడాలి. ఆహార అనుబంధం మీద అది హెల్త్ సప్లిమెంట్ అనో న్యూట్రాస్యూటికల్ అనో రాయాలి. 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్', అంటే వైద్యానికి వాడేది కాదన్న మాట కూడా కనిపించేలా ఉండాలి. ఒకపక్క ఈ మాట చిన్న అక్షరాల్లో వేసి, మరోపక్క కీళ్ల వాతం తగ్గిస్తుంది, షుగరు అదుపు చేస్తుంది, కిడ్నీలో రాళ్లు కరిగిస్తుంది అని పెద్ద అక్షరాల్లో వేస్తే, రెండో మాటే దాని అసలు స్వభావం చెబుతుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం రోగాన్ని నయం చేయడానికో నివారించడానికో ఉద్దేశించిన పదార్థం మందు. లోపల ఏముందన్నదే కాదు, దేనికని అమ్ముతున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది.

తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ, అందరూ డీసీఏ అనే సంస్థ, ఈ మధ్య సంవత్సరాల్లో ఇలా ఆహార లైసెన్సు ముసుగులో తయారైన మందులను పదేపదే స్వాధీనం చేసుకుంది. కంపెనీలు ఈ దారి పట్టడానికి కారణం తెలిసిందే. ఔషధ లైసెన్సు తీసుకుంటే ప్రతి మందుకూ విడిగా అనుమతి కావాలి, మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం ప్రకారం ఫ్యాక్టరీ కట్టాలి, అర్హత ఉన్న కెమిస్టులను పెట్టాలి, కొన్ని మందులకు ధరల పరిమితి కూడా ఉంటుంది. ఆహార లైసెన్సుతో ఇవన్నీ తప్పించుకోవచ్చు. నష్టం కొనేవాళ్లది. ఔషధ ప్రమాణాల తనిఖీ లేని చోట తయారైన దానిలో రాసినంత మోతాదు ఉందో లేదో, ఎక్కువైందో తక్కువైందో అడిగేవాళ్లు ఉండరు.

అందుకే ఫోస్కాస్ పోర్టల్‌లో అంతా సరిపోయిన తర్వాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఈ సరుకుకు ఈ శాఖ లైసెన్సు సరిపోతుందా? దీనికి జవాబు పోర్టల్ చెప్పదు. సరుకు మీది మోతాదూ మాటలూ చదివి మనమే తేల్చుకోవాలి. అనుమానం ఉంటే ఫిర్యాదు వెళ్లాల్సింది డీసీఏకి. ఫుడ్ సేఫ్టీ అధికారికి మాత్రమే రాస్తే, ఆహార లైసెన్సు సక్రమంగానే ఉందన్న జవాబుతో ఆగిపోయే ప్రమాదం ఉంది.

మందుల లైసెన్సుకు ఒకే పద్ధతి లేదు

ఔషధాల వైపు దేశమంతటికీ ఒకే రకం నంబరు లేదు. అమ్మకానికి మందులు తయారు చేసే లైసెన్సు ఇచ్చేది ఎక్కువగా రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థే, ఏ రాష్ట్రం పద్ధతి దానిది. ఉమ్మడి రాష్ట్రం నాటి నంబర్లు `../MN/AP/2009/F/R` లాంటి వరుసలో కనిపిస్తాయి. అందులో మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్ లాంటి జిల్లాల పొట్టి అక్షరాలు, రాష్ట్రం, ఏడాది ఉంటాయి. జడ్చర్లలో తయారైన మందు మీద నేటికీ `AP` అని ఉంటే కంగారు పడక్కర్లేదు, లైసెన్సు విభజనకు ముందుది. హిమాచల్ ప్రదేశ్ నంబర్లు `MNB/` అనో `MB/` అనో మొదలవుతాయి. గుజరాత్‌వి `G/25/`, `G/28/` అని మొదలవుతాయి.

ఈ 25, 28 అన్నవి ఫారాల సంఖ్యలు, ఇవి తెలిస్తే చాలా పని జరుగుతుంది. మామూలు మాత్రలు, సిరప్పులు, ఆయింట్‌మెంట్లకు ఫారం 25. ఇంజెక్షన్లు, టీకాలు లాంటి షెడ్యూల్ సి మందులకు ఫారం 28. హిమాచల్‌లో `MNB` మొదటి రకం, `MB` రెండో రకం. ఇంకొకరి ఫ్యాక్టరీ వాడుకుని తయారు చేసే లోన్ లైసెన్సు అయితే 25-ఎ, 28-ఎ. ఆయుర్వేద మందులకు 25-డి, అది ఆయుష్ విభాగం చూస్తుంది. ఇంజెక్షన్ వయల్ మీద ఫారం 25 కింద ఇచ్చిన నంబరు ఉంటే, ఆ నంబరు అసలైనదైనా ఆ వయల్‌కు అది చెల్లదు.

ఔషధ లైసెన్సు కాగితం కన్నా ముఖ్యమైనది దానికి జతచేసిన మందుల జాబితా. ప్రతి మందుకూ పేరు, రూపం, మోతాదు వారీగా అనుమతి ఉండాలి. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రకు అనుమతి ఉన్న కంపెనీ, విడిగా అనుమతి తీసుకోకుండా 650 తయారు చేయకూడదు. ఆసుపత్రులకు మందులు సరఫరా చేసేవాళ్లు తరచుగా లైసెన్సు మొదటి పేజీ జిరాక్సు మాత్రమే ఇస్తారు. అందులో సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి, మనకు కావలసిన మందు పేరు మాత్రం ఉండదు. అడగాల్సింది ఆ మందు ఉన్న పేజీ.

గడువు తేదీ దగ్గర కూడా పొరబాటు జరుగుతుంది. ఔషధ లైసెన్సులను అయిదేళ్లకోసారి రెన్యువల్ చేసే పాత పద్ధతిని 2017 అక్టోబర్‌లో నిబంధనలు మార్చి తీసేశారు. సస్పెండో రద్దో చేస్తే తప్ప లైసెన్సు కొనసాగుతుంది, అయిదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడితే చాలు. కాబట్టి పాత జిరాక్సు మీద 2018తో గడువు తీరినట్టు ఉన్నంత మాత్రాన లైసెన్సు పోయినట్టు కాదు. దీనికి రెండో వైపు ఎక్కువ ప్రమాదకరం. గడువు లేని కాగితం చూపించినంత మాత్రాన లైసెన్సు బతికే ఉందనీ కాదు. నిన్న రద్దయినా కాగితం మీద ఏ మార్పూ కనిపించదు. ఫీజు రసీదు అడగొచ్చు, కానీ స్థితి చెప్పగలిగేది జారీ చేసిన కార్యాలయమే.

ఒక కొటేషన్‌ను మొదటి నుంచీ చూస్తే

యాభై పడకల ఆసుపత్రికి కొత్త డిస్ట్రిబ్యూటరు ఒకరు సెఫ్‌ట్రియాక్సోన్ 1 గ్రాము ఇంజెక్షన్‌కు తక్కువ ధర కొటేషన్ ఇచ్చారనుకుందాం. తయారీ హిమాచల్‌లో. వెంట నాలుగు కాగితాలు ఇచ్చారు: డిస్ట్రిబ్యూటరు హోల్‌సేల్ లైసెన్సులు, తయారీ లైసెన్సు జిరాక్సు, డబ్ల్యూహెచ్‌ఓ-జీఎంపీ సర్టిఫికెట్, ఒక ల్యాబ్ రిపోర్టు.

మొదట డిస్ట్రిబ్యూటరు సంగతి. హోల్‌సేల్ లైసెన్సులు 20-బి, 21-బి అని రెండు ఉంటాయి. ఇంజెక్షన్లు షెడ్యూల్ సి కాబట్టి 21-బి ఉండి తీరాలి. 20-బి ఒక్కటే చూపిస్తే అతను మాత్రలు అమ్మగలడు గానీ ఈ వయల్స్ అమ్మలేడు. లైసెన్సు మీది చిరునామా, బిల్లు మీది చిరునామా ఒకటేనా చూడాలి. ఈ లైసెన్సు మన రాష్ట్రంలోనే ఇచ్చింది కాబట్టి జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు కార్యాలయంలో అడిగితే తేలుతుంది. తెలంగాణ డీసీఏ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969 పని రోజుల్లో పనిచేస్తుంది.

తర్వాత శాంపిల్ వయల్ తెప్పించి, లేబుల్‌నూ లైసెన్సు జిరాక్సునూ పక్కపక్కన పెట్టి చదవాలి. లేబుల్ మీద `MB/` తో మొదలయ్యే నంబరు ఉందా? జిరాక్సు మీద ఉన్న నంబరు అదేనా? హిమాచల్ చిరునామాల్లో ఖస్రా నంబరు, అంటే భూమి సర్వే నంబరు, ఊరు, తహసీల్ ఉంటాయి. రెండు కాగితాల్లో ఊరి పేరు ఒకటే ఉండి ఖస్రా నంబరు మారితే అది వేరే ఫ్యాక్టరీ కావచ్చు. సెఫ్‌ట్రియాక్సోన్ సెఫలోస్పోరిన్ జాతి మందు. ఇతర మందులతో కలవకుండా దాన్ని విడి భాగంలో తయారు చేయాలి. అందుకే కంపెనీకి ఇంజెక్షన్ల లైసెన్సు ఉంటే చాలదు, జాబితాలో ఈ మందు ఇదే మోతాదుతో ఉందా, అనుమతి ఇచ్చిన తేదీ వయల్ మీది తయారీ తేదీకి ముందుదేనా చూడాలి. తయారీ తేదీ ముందుండి అనుమతి తర్వాత వచ్చి ఉంటే ఆ బ్యాచి అనుమతి లేకుండా తయారైనట్టు.

ఇంతవరకూ చేసింది కాగితాలను కాగితాలతో పోల్చడం. అన్నీ ఒకే చేతి నుంచి వచ్చినవి, కాబట్టి అన్నీ చక్కగా సరిపోయినా రుజువు కాదు. ఇప్పుడు హిమాచల్ ఔషధ నియంత్రణ కార్యాలయానికి రాయాలి. సర్టిఫికెట్ మీద ఉన్న ఫోనుకూ మెయిలుకూ రాయకూడదు. నకిలీ సర్టిఫికెట్ చేసినవాడు దాని మీద తన ఫోను నంబరే వేస్తాడు, క్యూఆర్ కోడు కూడా తన సైటుకే తీసుకెళ్తుంది. ప్రభుత్వ సైటు చిరునామా `.gov.in` తోనో `.nic.in` తోనో ముగుస్తుందా అని చూసి, అక్కడ దొరికిన మెయిలుకే రాయాలి.

ఉత్తరంలో 'ఈ లైసెన్సు అసలుదేనా?' అని రాస్తే 'పరిశీలిస్తాం' అన్న జవాబు వస్తుంది, లేదా ఏదీ రాదు. అవును, కాదు అని చెప్పగలిగేలా అడగాలి. ఈ నంబరు లైసెన్సు మీ కార్యాలయం ఇచ్చిందా? ఎవరి పేరున, ఏ చిరునామాకు? ఫలానా తేదీన అది అమల్లో ఉందా, సస్పెండ్ అయిందా, రద్దయిందా? జాబితాలో సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ 1 గ్రాము ఉందా, ఏ తేదీ నుంచి? ఈ నాలుగు చాలు. లేబుల్ ఫొటో, జిరాక్సు కాపీ జతచేయాలి. మెయిలుకు జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలతో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తయారీ పద్ధతి, ఫార్ములా లాంటివి అడిగితే వ్యాపార రహస్యమని తిరస్కరిస్తారు. లైసెన్సు ఉందా లేదా అన్నది రహస్యం కాదు. ఈలోగా సరుకు తీసుకోకుండా ఆగడమే మంచిది. తక్కువ ధర కోసం నెల రోజులు ఆగలేకపోతే, తెలిసిన కంపెనీ సరుకు కొనడమే ఆ నెలకు దారి.

ఈ శ్రమ అనవసరమని అనిపించేవాళ్లు 2024 మార్చిలో తెలంగాణలో జరిగింది గుర్తుచేసుకోవాలి. హిమాచల్ చిరునామాతో ఉన్న ఒక కంపెనీ పేరుతో యాంటీబయాటిక్స్ మార్కెట్లోకి వచ్చాయి. డీసీఏ ఆరా తీస్తే ఆ పేరున కంపెనీయే లేదు. పరీక్షిస్తే లోపల సుద్ద పొడి, పిండి పదార్థం తేలాయి. హిమాచల్ కార్యాలయానికి వెళ్లే ఒక్క ప్రశ్నతో ఇలాంటి మోసం బయటపడుతుంది.

పెద్ద బ్రాండ్ల విషయంలో పని కొంత తేలికైంది. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడు తప్పనిసరి. దాన్ని స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు పేరు చిరునామా, బ్యాచి, తేదీలతో పాటు తయారీ లైసెన్సు నంబరు కూడా రావాలి. వచ్చిన బ్యాచి నంబరు స్ట్రిప్పు మీదిదేనా చూడడం మరిచిపోకూడదు. ఒక అసలు డబ్బా కోడును వేల నకిలీ డబ్బాల మీద అచ్చు వేయొచ్చు. అప్పుడు స్కాన్ పనిచేస్తుంది, బ్యాచి మాత్రం కలవకపోవచ్చు.

డబ్ల్యూహెచ్‌ఓ పేరు, ఎఫ్‌డీఏ పేరు

కొటేషన్‌తో వచ్చిన మూడో కాగితం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ఉంది. ఆ సర్టిఫికెట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవ్వదు. జీఎంపీ, అంటే మంచి తయారీ పద్ధతుల మీద అది రాసిన మార్గదర్శకాల ప్రకారం ఫ్యాక్టరీ ఉందని మన దేశంలోని ఔషధ అధికారులే తనిఖీ చేసి ఇస్తారు. కాబట్టి జెనీవాకు రాసి లాభం లేదు, లైసెన్సు ఇచ్చిన రాష్ట్ర అధికారినే అడగాలి. సర్టిఫికెట్ మీద ఐక్యరాజ్యసమితి తరహా చిహ్నం పెద్దదిగా ఉండి, జారీ చేసిన రాష్ట్ర అధికారి హోదా కనిపించకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టేయొచ్చు. దీనికి గడువు కూడా ఉంటుంది, తయారీ లైసెన్సులా కొనసాగుతూ పోదు.

'యూఎస్ ఎఫ్‌డీఏ సర్టిఫైడ్' అని గోడకు తగిలించే పటాల సంగతీ అంతే. అమెరికా ఎఫ్‌డీఏ ఫ్యాక్టరీల పేర్లు నమోదు చేసుకుంటుంది, కానీ నమోదైనందుకు సర్టిఫికెట్ ఇవ్వదు. నమోదు అంటే ఆమోదం కూడా కాదు. బంగారు రంగు ముద్రతో ఉండే ఆ పటాలు ప్రైవేటు ఏజెంట్లు ముద్రించినవి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో నిజంగానే ఎఫ్‌డీఏ తనిఖీలు జరిగినవి చాలా ఉన్నాయి. వాటి ఫలితం ఎఫ్‌డీఏ సైటులో ఎవరైనా చూడొచ్చు. లోపాలు పెద్దగా లేకపోతే `NAI`, దిద్దుకోదగినవి ఉంటే `VAI`, చర్య తీసుకోవాల్సినంత ఉంటే `OAI` అని ఉంటుంది. యూరప్ అధికారులిచ్చిన జీఎంపీ సర్టిఫికెట్లు, ఫెయిలైన ఫ్యాక్టరీల మీద ప్రకటనలు `EudraGMDP` అనే డేటాబేస్‌లో దొరుకుతాయి. రెండు చోట్లా కంపెనీ పేరుతో వెతికి ఆగకూడదు, యూనిట్ చిరునామా కలిసిందా చూడాలి. ఒకే కంపెనీలో ఒక యూనిట్ పాసై మరో యూనిట్ ఫెయిలవడం మామూలే.

అన్నీ సరిపోయినా తెలియనిది

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తమిళనాడు కాంచీపురం జిల్లాలో తయారైంది. తయారు చేసిన కంపెనీకి లైసెన్సు ఉంది, ఆ తర్వాతే దాన్ని రద్దు చేశారు. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ పరీక్షలో ఒక బ్యాచిలో 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు తేలింది. అది తేలకముందు ఎవరైనా లైసెన్సు నంబరు సరిచూసి ఉంటే, అమల్లోనే ఉందన్న జవాబే వచ్చి ఉండేది.

లైసెన్సు ఫ్యాక్టరీకి సంబంధించినది, బ్యాచికి సంబంధించినది కాదు. బ్యాచి సంగతి కోసం చూడాల్సింది కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ సీడీఎస్‌సీఓ `cdsco.gov.in` లో నెలనెలా పెట్టే నాణ్యత లేని మందుల జాబితా. అందులో మందు పేరు, బ్యాచి నంబరు, తయారీదారు, ఏ పరీక్షలో ఫెయిలైందన్నది ఉంటాయి. ఒకే తయారీదారు పేరు కొద్ది నెలల్లో రెండు మూడుసార్లు, అదీ మందు కరగకపోవడం, మోతాదు తక్కువ ఉండడం లాంటి కారణాలతో కనిపిస్తే, లైసెన్సు ఎంత సక్రమంగా ఉన్నా ఆ సరుకు తీసుకోకపోవడమే మేలు. ల్యాబ్ రిపోర్టు, అంటే కొటేషన్‌తో వచ్చిన నాలుగో కాగితం, ఇక్కడ పనికొస్తుంది. కానీ దాని మీది బ్యాచి నంబరు, ఆసుపత్రికి నిజంగా దిగిన పెట్టెల మీది బ్యాచి నంబరు ఒకటే అయితేనే. శాంపిల్‌కు ఒక బ్యాచి, సరఫరాకు మరో బ్యాచి వచ్చే సందర్భాలు తక్కువేం కాదు. అందుకని ఈ పోలిక కొటేషన్ నాడు ఒకసారి చేసి వదిలేయకుండా, పెట్టెలు దిగిన ప్రతిసారీ స్టోరు రిజిస్టరులో రాసేముందు చేయాలి.